ఫ్లోరైడ్ ఎరువుల వల్లే అన్న రివ్యూయర్‌కు కాదని ఎలా రాయాలి?

ప్రశ్న: సార్, అనంతపురంలో భూగర్భజలాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. కళ్యాణదుర్గం వైపు 62 చోట్ల (53 బోర్లు, 9 బావులు) మే నెలలో నీళ్లు పట్టి, ఫ్లోరైడ్ మీద పేపర్ పంపాను. మేజర్ రివిజన్ వచ్చింది. రెండో రివ్యూయర్ రెండు మాటలన్నారు. ఒకటి, ఫ్లోరైడ్ రాళ్ల నుంచే వచ్చిందని నిరూపించలేదు, ఇది సాగు ప్రాంతం, ఫాస్ఫేట్ ఎరువులే కారణం కావచ్చు, ముగింపు మార్చండి అని. రెండు, ఒక్క సీజన్ డేటా చాలదు, వానల తర్వాత మళ్లీ శాంపిల్స్ తీయండి అని. మా గైడ్ గారేమో "ఆయన చెప్పినట్టే మార్చి పంపించెయ్, మనకెందుకు గొడవ" అంటున్నారు. నాకు మాత్రం రాళ్ల నుంచే అని గట్టి నమ్మకం. మర్యాద తప్పకుండా కాదని ఎలా రాయాలి? నా డ్రాఫ్ట్, డేటా పట్టిక కింద పెట్టాను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

మీ డ్రాఫ్ట్, పట్టిక రెండూ చూశాను. మీ డేటాలో బలం ఉంది, కానీ ఆ బలం డ్రాఫ్ట్‌లోకి రాలేదు. నేను కడపలో ఉండి ఇదే పని చేస్తుంటాను. పేపర్లు రాస్తాను, ఇతరుల పేపర్లు రివ్యూ కూడా చేస్తాను. కాబట్టి అటువైపు కూర్చున్నవాళ్లు మీ జవాబును ఎలా చదువుతారో చెప్పగలను.

ముందు డ్రాఫ్ట్‌లో రెండు వాక్యాలు కొట్టెయ్యండి. "రివ్యూయర్‌కు ఈ ప్రాంతం గురించి అవగాహన లేనట్టుంది" అన్నది మొదటిది. ఆయనకు కళ్యాణదుర్గం తెలియకపోవచ్చు. కానీ మీ పేపర్ చదివాక కూడా ఆయనకు సందేహం మిగిలిందంటే, అదే సందేహం మరో దేశంలో చదివే మనిషికీ వస్తుంది. రెండోది "ఈ ప్రాంతంలో వాడే ఎరువుల పరిమాణం చాలా తక్కువ కాబట్టి ఆ అవకాశం లేదు" అన్న వాక్యం. ఇది మర్యాదగానే ఉంది, కానీ నిజం కాదు. ఎందుకు కాదో లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే రివ్యూయర్ కూడా ఇదే లెక్క వేస్తారు.

బుడ్డల పంటకు, అంటే వేరుశనగకు, ఎకరం లెక్క వదిలేసి హెక్టారుకు చూస్తే, 40 కిలోల భాస్వరం సిఫారసు అనుకుందాం. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో భాస్వరం 16 శాతం, అంటే 250 కిలోల సూపర్ వెయ్యాలి. సూపర్‌లో ఫ్లోరిన్ ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. ఒకటిన్నర శాతం వేసుకుంటే హెక్టారుకు 3.75 కిలోలు. ఇక మన వాన సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పదో వంతు భూమిలోకి ఇంకి నీటిమట్టాన్ని చేరుతుందనుకుంటే 55 మిల్లీమీటర్లు, అంటే హెక్టారుకు ఐదున్నర లక్షల లీటర్లు. ఆ 3.75 కిలోలూ ఈ నీళ్లలో కలిస్తే లీటరుకు దగ్గర దగ్గర 6.8 మిల్లీగ్రాములు. మీ పట్టికలో అన్నిటికంటే ఎక్కువ ఉన్న బోరులో 4.2 మాత్రమే ఉంది.

అంటే పరిమాణం తక్కువన్న వాదన నిలబడదు. మట్టి చాలా వరకు ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది, కిందికి దిగేది కొంతే అని మీరు అనొచ్చు. నిజమే. కానీ పదో వంతు దిగినా 0.7 అవుతుంది. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణంలో ఆమోదయోగ్య పరిమితి 1.0, వేరే నీళ్లు లేనప్పుడు అనుమతించే పరిమితి 1.5. ఆ పక్కన పెట్టి చూస్తే 0.7 కొట్టిపారేసే అంకె కాదు. పైగా మన నేలలు క్షార గుణం ఉన్నవి. పీహెచ్ పెరిగేకొద్దీ మట్టి ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. ఈ లెక్కను రివ్యూయర్ తన రెండో రిపోర్టులో రాస్తే మీరు రాసిన మిగతా మంచి మాటలన్నీ ఎడిటర్ కళ్లలో తేలిపోతాయి. కాబట్టి ఈ లెక్కను మీరే ముందు పెట్టండి. పరిమాణం మాత్రమే చూస్తే ఎరువుల అవకాశాన్ని కొట్టెయ్యలేమని ఒప్పుకోండి. ఆయన చెప్పినదాంట్లో సరైన భాగాన్ని అంకెతో సహా ఒప్పుకున్నాక, మీరు కాదనే భాగాన్ని ఆయన శ్రద్ధగా చదువుతారు.

ఇక అసలు విషయం. మీ డ్రాఫ్ట్‌లో సాక్ష్యంగా పెట్టినవి మూడు: ఫ్లోరైడ్‌కు కాల్షియంతో వ్యతిరేక సంబంధం (మైనస్ 0.52), బైకార్బొనేట్‌తో అనుకూల సంబంధం (0.47), నీళ్ల పీహెచ్ ఎక్కువగా ఉండడం. ఇవన్నీ మీ వాదనకు సరిపోతాయి. చిక్కేమిటంటే రివ్యూయర్ వాదనకు కూడా అంతే బాగా సరిపోతాయి. కాల్షియం తక్కువ ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ కరిగి ఉండగలదు, కాల్షియం ఎక్కువైతే ఫ్లోరైట్‌గా గడ్డకట్టి దిగిపోతుంది. ఆ ఫ్లోరైడ్ రాయిలోని బయోటైట్ ఖనిజం నుంచి వచ్చిందా, సూపర్ బస్తాలోంచి వచ్చిందా అన్నది ఆ నీళ్లకు అనవసరం. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత నిలవగలదో ఈ మూడూ చెబుతాయి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవు. రివ్యూయర్ "నిరూపించలేదు" అన్నది సరిగ్గా ఈ ఖాళీని చూసే. ఇందులో ఆయన మాట న్యాయమైనదే.

కాబట్టి సాక్ష్యం వెతికేటప్పుడు ప్రశ్న మార్చుకోండి. నా మాటకు ఏది సరిపోతుందని కాకుండా, ఆయన మాటే నిజమైతే నా పట్టికలో ఏం కనిపించాలి, అది కనిపిస్తోందా అని చూడండి. ఎరువులే ప్రధాన కారణమైతే మూడు కనిపించాలి. సాగు భూములు లేని చోట ఫ్లోరైడ్ తక్కువ ఉండాలి. పైనున్న బావుల్లో ఎక్కువ, లోతు బోర్లలో తక్కువ ఉండాలి. సాగు ప్రభావం పడ్డ నీళ్లలో నైట్రేట్ పెరిగినట్టే ఫ్లోరైడ్ కూడా పెరగాలి. మీ దగ్గర ఈ మూడింటికీ డేటా ఉంది, కానీ డ్రాఫ్ట్‌లో ఒక్కటీ లేదు.

అన్నిటికంటే గట్టిది మొదటిది. మీ పట్టికలో అడవి సరిహద్దు దగ్గర, కొండ పాదాల్లో ఏడు బోర్లున్నాయి. "పరిసరాలు" అన్న గడిలో "పైన సాగు లేదు" అని మీరే రాసుకున్నారు. వాటిలో ఫ్లోరైడ్ 1.9 నుంచి 3.6 వరకు ఉంది. ఎరువు పడని నీళ్లలో ఇంత ఫ్లోరైడ్ ఉందంటే, రాయి ఒక్కటే ఈ స్థాయికి తీసుకెళ్లగలదని అర్థం. మీ జవాబు మొత్తం ఈ ఏడు బోర్ల మీద నిలబడాలి.

అయితే "పైన సాగు లేదు" అన్న మాటను రివ్యూయర్ ఎందుకు నమ్మాలి? దాన్ని చూపించాలి. ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో దొరికే ఎత్తుల డేటాతో ఒక్కో బోరుకు పైనున్న పరీవాహక ప్రాంతం గీయండి. దాని మీద భూ వినియోగ పటం పెట్టండి. ఇప్పుడు బీడుగా ఉన్నది పదిహేనేళ్ల కింద చేను అయి ఉండొచ్చు, కాబట్టి గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు కూడా చూసి, ఏ ఏడాది చిత్రాలు చూశారో రాయండి. ఏడింటిలో ఒకటో రెండో ఈ పరీక్షలో పోతే పోనివ్వండి. ఐదు బోర్లు గట్టిగా నిలబడితే, అనుమానమున్న ఏడు బోర్ల కంటే అదే మేలు. భూగర్భంలో నీటి ప్రవాహం ప్రతిచోటా నేల వాలు ప్రకారమే పోదు, పగుళ్లున్న గ్రానైట్‌లో మరీను. ఆ సంగతి కూడా ఒక వాక్యంలో రాయండి. మీరు రాయకపోతే ఆయన రాస్తారు.

లోతు విషయం రెండో సాక్ష్యం, కానీ దాన్ని మొయ్యగలిగినంతే మొయ్యనివ్వండి. ఒకే ఊళ్లో బావీ బోరూ రెండూ ఉన్నవి మీ పట్టికలో ఆరు ఊళ్లు. ఐదింటిలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. బాగుంది. కానీ ఆరింటిలో ఐదు అనేది నాణెం ఎగరేసినా అప్పుడప్పుడూ వచ్చే ఫలితమే. "గణాంకపరంగా నిరూపితం" లాంటి మాట వాడకండి. ఆరు జతల అంకెలూ చిన్న పట్టికగా పెట్టి, "సంఖ్య తక్కువ, కానీ దిశ ఎరువుల వివరణకు ఎదురుగా ఉంది" అనండి. నీళ్లు రాయితో ఎక్కువకాలం ఉంటే ఫ్లోరైడ్ పెరుగుతుందన్న మీ వివరణ ఇక్కడే సహజంగా వస్తుంది.

మూడోది నైట్రేట్. ఫ్లోరైడ్-నైట్రేట్ స్పియర్‌మన్ సంబంధం 0.11 అని మీ పట్టికలో ఉంది. చాలామంది ఇక్కడ "సంబంధం లేదు" అని రాసేస్తారు. 62 శాంపిల్స్‌తో 0.11 వస్తే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ దాదాపు మైనస్ 0.14 నుంచి 0.35 దాకా పోతుంది. అంటే కొద్దిపాటి సంబంధం ఉండే అవకాశం మిగిలే ఉంది, బలమైన సంబంధం మాత్రం ఉండే అవకాశం లేదు. అలాగే రాయండి. నైట్రేట్ పశువుల పేడ నుంచి, ఊళ్లోని మురుగు నుంచి కూడా వస్తుంది, సూపర్‌లోనైతే అసలు ఉండదు. కాబట్టి అది ఎరువుల ఫ్లోరైడ్‌కు నేరుగా గుర్తు కాదు, సాగు, ఊరి ప్రభావానికి గుర్తు మాత్రమే. నీళ్లలో ఫాస్ఫేట్ లేదన్న వాదన జోలికి మాత్రం పోవద్దు. ఫాస్ఫేట్‌ను మట్టి గట్టిగా పట్టేస్తుంది. ఎరువు నుంచి ఫ్లోరైడ్ దిగినా ఫాస్ఫేట్ దిగకపోవచ్చు. అది లేకపోవడం ఏదీ తేల్చదు.

మన రాయలసీమ వాళ్లకు వెంటనే తట్టే ఇంకో వాదన ఉంది. మీ డ్రాఫ్ట్ చివర అదీ కనిపించింది: కడప వైపు సున్నపురాతి ప్రాంతంలో కూడా ఎరువులు వాడతారు, అక్కడ ఫ్లోరైడ్ తక్కువ, కాబట్టి ఎరువులు కారణం కాదు. వినడానికి చాలా బాగుంటుంది, నాకు దగ్గరి ప్రాంతం కూడా. కానీ పెట్టకండి. సున్నపురాతి నీళ్లలో కాల్షియం ఎక్కువ. ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వచ్చినా ఆ కాల్షియం దాన్ని ఒక హద్దు దాటనివ్వదు. ఎరువుల నుంచి వచ్చిందైనా అక్కడ అణిగిపోతుంది. రసాయన శాస్త్రం తెలిసిన రివ్యూయర్ ఈ ఒక్క పేరా పట్టుకుని మిగతా జవాబునంతా అనుమానిస్తారు. బలమైన మూడు సాక్ష్యాల పక్కన బలహీనమైన నాలుగోది పెడితే చదివేవాళ్లు ఆ నాలుగోదాని మీదే పడతారు.

దానికి బదులు చరిత్రలోంచి ఒక విషయం పెట్టండి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి ప్రచురించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. రసాయన ఎరువులు మన పొలాల్లోకి పెద్ద ఎత్తున వచ్చింది 1960ల తర్వాత. అంటే ద్వీపకల్పపు స్ఫటిక శిలల్లో ఎరువుల ప్రమేయం లేకుండానే జబ్బు తెచ్చేంత ఫ్లోరైడ్ నీళ్లలో ఉండేది. ఇది మీ బోర్ల గురించి నేరుగా ఏమీ చెప్పదు. కానీ "రాయి ఒక్కటే సరిపోతుందా" అన్న సందేహానికి మంచి జవాబు. ఒక్క వాక్యం చాలు.

ఇక ముగింపు మార్చాలా వద్దా అన్నది. మీ పేపర్‌లో ఇప్పుడున్న వాక్యం "ఈ ప్రాంతంలో ఫ్లోరైడ్ పూర్తిగా భూగర్భ మూలం నుంచి వచ్చింది" అని. ఇందులో "పూర్తిగా" అన్న మాటను మీ డేటా మొయ్యదు. చేలకు కట్టిన నీళ్లు ఆవిరై, మిగిలినవి ఉప్పులతో మళ్లీ కిందికి దిగుతాయి. ఆ క్రమంలో కాల్షియం నేలలోనే సున్నపు గడ్డలుగా మిగిలిపోయి, నీళ్లలో ఫ్లోరైడ్‌కు చోటు పెరుగుతుంది. ఎరువు లేకపోయినా సాగు వల్ల ఫ్లోరైడ్ పెరిగే దారి ఇది. కాబట్టి "ప్రధానంగా భూగర్భ మూలం, సాగు వల్ల కొంత పెరుగుదలను ఈ డేటాతో కొట్టెయ్యలేం" అని మార్చండి. ఇది లొంగిపోవడం కాదు. మీ పేపర్‌లో ముఖ్యమైన మాట అలాగే ఉంది, దాని చుట్టూ ఉన్న అతి మాత్రమే పోయింది. ఎరువులే కారణమని రాయమన్న సూచనను మాత్రం ఒప్పుకోకండి. అలా రాయడానికి మీ దగ్గర ఒక్క సాక్ష్యం కూడా లేదు. రేపు ఎవరైనా మీ పేపర్ చూసి ఎరువులు తగ్గిస్తే ఫ్లోరైడ్ తగ్గుతుందని పథకం వేస్తే, ఆ ఊళ్లో బోరు నీళ్లు మాత్రం అలాగే ఉంటాయి.

మొదటి వ్యాఖ్యకు జవాబు ఇలా ఉండొచ్చు. తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషులో మీ మాటల్లో పెట్టుకోండి:

"ఫ్లోరైడ్ మూలం గురించి మా వాదన పాత ప్రతిలో అసంపూర్ణంగా ఉందన్న రివ్యూయర్ వ్యాఖ్యతో ఏకీభవిస్తున్నాం. కాల్షియం, బైకార్బొనేట్ సంబంధాలు ఫ్లోరైడ్ కరిగే పరిస్థితులను చూపుతాయి తప్ప మూలాన్ని వేరు చేయవు. పరిమాణం దృష్ట్యా కూడా ఎరువుల వాటాను ముందుగానే తోసిపుచ్చలేమని మా లెక్కలో తేలింది (కొత్త పేరా, 212–219 పంక్తులు). అందుకే రెండు వివరణలనూ వేరు చేయగల మూడు పోలికలు చేర్చాం. ఎగువన సాగు లేని బోర్లలో కూడా ఫ్లోరైడ్ లీటరుకు 1.9–3.6 మిల్లీగ్రాములు ఉంది (కొత్త పటం 5). ఒకే ఊళ్లోని ఆరు బావి-బోరు జతల్లో ఐదింట బోరులోనే ఎక్కువ ఉంది. జతల సంఖ్య తక్కువ కాబట్టి దీన్ని అదనపు ఆధారంగా మాత్రమే చూపుతున్నాం. ఫ్లోరైడ్-నైట్రేట్ సంబంధం బలహీనం (0.11, 95 శాతం ఇంటర్వల్ −0.14 నుంచి 0.35). ఈ ఆధారాలను బట్టి ఎరువులను ప్రధాన కారణంగా పేర్కొనడం మా డేటాకు అనుగుణంగా ఉండదని భావిస్తున్నాం. అయితే 'పూర్తిగా' అన్న పదం తొలగించి, సాగు వల్ల కొంత పెరుగుదలకు అవకాశం ఉందని ముగింపులో స్పష్టం చేశాం (341–346 పంక్తులు)."

పంక్తుల అంకెలు ఉదాహరణకు పెట్టాను, పటం విషయంలో పైన చెప్పిన పరీక్షలో నిలిచిన బోర్లనే లెక్కపెట్టి అంకెలు సరిచేసుకోండి. ఇందులో "రివ్యూయర్ పొరబడ్డారు" అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. కాదన్న వాక్యం ఒక్కటే, అదీ "మా డేటాకు అనుగుణంగా ఉండదు" అని. కాదంటున్నది ఒక ప్రతిపాదనను, మనిషిని కాదు. అలాగని "మీ అమూల్యమైన, లోతైన సూచనకు హృదయపూర్వక ధన్యవాదాలు" అని ప్రతి వ్యాఖ్య కిందా రాయకండి. మొదట్లో ఒక్కసారి థాంక్స్ చెబితే చాలు. పదేపదే చెబితే తర్వాత వచ్చే "కాదు" అన్న మాట మరీ కటువుగా వినిపిస్తుంది.

చదివేవాళ్లలో ముఖ్యమైన మనిషి ఎడిటర్. ఆయనకు మీ పేపర్ పూర్తిగా చదివే తీరిక ఉండకపోవచ్చు, మీ జవాబు మాత్రం చదువుతారు. అందుకే రివ్యూయర్ వ్యాఖ్యను ఒక్క అక్షరం వదలకుండా అలాగే పెట్టి, కింద జవాబు రాయండి. కుదించి మీ మాటల్లో రాస్తే, కష్టమైన భాగాన్ని దాటేశారేమో అని అనుమానం వస్తుంది. ఒక వ్యాఖ్యలో రెండు అడుగులుంటే విడదీసి రెండింటికీ జవాబివ్వండి.

రెండో వ్యాఖ్య సంగతి. మీ డ్రాఫ్ట్‌లో "సమయం, నిధులు లేనందున మళ్లీ శాంపిల్స్ తీయలేము" అని ఉంది. మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. స్కాలర్‌షిప్ డబ్బులతో జీపు మాట్లాడుకుని అన్ని ఊళ్లు మళ్లీ తిరగడం మాటలు కాదు. కానీ అది శాస్త్రపరమైన కారణం కాదు. సీజన్ మారితే మీ పేపర్‌లో ఏ మాట మారుతుంది, ఏది మారదు అన్నది ఇక్కడ ప్రశ్న. వానల తర్వాత కొత్త నీళ్లు కలిసి ఫ్లోరైడ్ తగ్గొచ్చు, కొన్ని చోట్ల నేల ఉప్పులు కడుక్కొచ్చి పెరగొచ్చు. కాబట్టి 62లో 34 చోట్ల 1.5 దాటిందన్న మీ లెక్క మే నెలకు మాత్రమే చెల్లుతుంది. శీర్షికలోనూ సారాంశంలోనూ "వానలకు ముందు" అని చేర్చండి. "ఏడాది పొడవునా" అనిపించే వాక్యాలు తీసెయ్యండి. మూలం గురించిన వాదన మాత్రం వేరు. సాగు లేని కొండపాదాల బోర్లలో మేలో ఫ్లోరైడ్ ఉంది, దానికి అక్కడ ఎరువు కారణం కాలేదు. నవంబరులో ఆ అంకె మారినా ఈ సంగతి మారదు. సీజన్ తేడా ఏ ఫలితాన్ని తాకుతుందో, దేన్ని తాకదో ఇలా విడదీసి చెబితే, మళ్లీ శాంపిల్స్ అక్కర్లేదన్న మాటకు అర్థం వస్తుంది.

ఒకవేళ వానలు వెళ్లే సమయానికి రివిజన్ గడువు ఇంకా ఉంటే, ఆ కొండపాదాల బోర్లు, ఆ ఆరు జతలు మాత్రం మళ్లీ పట్టండి. ఇరవై సీసాల లోపు పని. గడువు చాలకపోతే కారణం చెప్పి ఎడిటర్‌కు మెయిల్ పెట్టండి. పొడిగింపు అడగడం మామూలే, తప్పుగా అనుకోరు. అది కూడా కుదరకపోతే పై వాదన చాలు. పూర్తి రెండో సర్వే కోసం పేపర్ ఆపుకోవాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం.

శాంపిల్స్ గురించి ఒక చిన్న విషయం. మీ అనుబంధ పట్టికలో అయాన్ బ్యాలెన్స్ తప్పు శాతం గడి లేదు. కాటయాన్లు, ఆనయాన్లు మిల్లీ ఈక్వివలెంట్లలో కూడి, తేడాను మొత్తంతో భాగించి శాతంలో ప్రతి శాంపిల్‌కూ పెట్టండి. ప్లస్ మైనస్ 5 శాతం లోపుంటే విశ్లేషణ మీద అనుమానం రాదు, 10 దాటినవి ఉంటే వాటిని ఏం చేశారో చెప్పండి. దీన్ని ఏ రివ్యూయరూ అడగలేదు. కానీ మీరు వాదనంతా కొద్ది బోర్ల మీద పెడుతున్నారు కాబట్టి, ఆ బోర్ల అంకెలు ఎంత నమ్మదగినవో ఎడిటర్‌కు ఒక చూపులో కనిపించాలి.

మీ గైడ్ గారి విషయం. ఆయన గొడవ వద్దన్నదాంట్లో అనుభవం ఉంది. ఊరికే కాదని వాదించి తిరస్కరణ తెచ్చుకున్న పేపర్లు ఆయన చూసే ఉంటారు. ఆయనతో "సార్, నాకు నమ్మకం" అనకండి. ఆ బోర్ల పటం, ఆరు జతల పట్టిక, ఎరువుల లెక్క ఒక్క కాగితం మీద వేసి చూపించండి. ముగింపులో ఏం తగ్గించామో, ఏం ఉంచామో పక్కపక్కన రాసి చూపించండి. "రివ్యూయర్ అడిగిన రెండింటిలో సగం ఒప్పుకున్నాం సార్, మిగతా సగానికి ఇదీ ఆధారం" అంటే ఆయనకు భయం తగ్గుతుంది. రివ్యూయర్‌కు పనిచేసే కాగితమే ఆయనకూ పనిచేస్తుంది. సహరచయితలందరికీ పంపే ముందు ఈ విషయం మీద పనిచెయ్యని, ఓపికున్న స్నేహితులతో ఒకసారి చదివించండి. "ఇక్కడ కోపంగా ఉన్నావు" అని వాళ్లు వేలు పెట్టిన చోటల్లా తిరగరాయండి, వాళ్లతో వాదించకండి.

రెండో విడతలో కూడా రివ్యూయర్ అదే మాట మీద ఉంటే, అప్పుడు కొత్త వాదనలు వెతకొద్దు. ఎడిటర్‌కు విడిగా చిన్న లేఖ రాయండి: మా ఆధారాలు ఇవి, రివ్యూయర్ వివరణ నిజమైతే కనిపించాల్సినవి ఇవి, అవి కనిపించలేదు, ఈ ఒక్క అంశం మీద మరో నిపుణుల అభిప్రాయం తీసుకున్నా మాకు సమ్మతమే అని. చాలా జర్నల్స్‌లో ఎడిటర్ తానే తేలుస్తారు, లేదా మూడో మనిషిని అడుగుతారు.

ఆ ఏడు బోర్ల లోతులు, కేసింగ్ ఎంత వరకు వేశారన్నది పట్టికలో లేవు. కేసింగ్ తక్కువగా ఉంటే పైనీళ్లు దిగి కలిసే అవకాశం ఉంది, అది ఈ వాదనకు ముఖ్యం. బోరు యజమానులను గానీ, వాటిని వేసిన రిగ్గు వాళ్లను గానీ అడిగి ఆ వివరాలు ఇక్కడ పెడితే, మొదటి వ్యాఖ్య జవాబును ఇంకోసారి చూసి చెబుతాను.